షుగర్, బీపీ ఉన్న నాన్నకు మాట తేలడం లేదు, చీకట్లో తూలుతున్నారు: ఆడియోగ్రామ్ చూసి చెప్పండి

రవి_కరీంనగర్

అందరికీ నమస్కారం. నాన్నకు 58 ఏళ్లు. షుగర్ వచ్చి 14 ఏళ్లు, బీపీ పదేళ్ల నుంచి. ఏడాదిగా రెండు ఇబ్బందులు పడుతున్నారు. మాట వినిపిస్తోంది గానీ ఏమన్నారో తేలడం లేదంటారు. ఫ్యాను తిరిగే గదిలో, నలుగురు మాట్లాడే చోట మరీ ఎక్కువ. రెండోది, తెల్లవారుజామున బాత్రూంకు లేచినప్పుడు, కరెంటు పోయినప్పుడు తూలుతున్నారు. గది గిర్రున తిరగడం మాత్రం లేదు.

ఆడియోగ్రామ్ అంకెలు ఇవి. 250, 500, 1000, 2000, 4000, 8000 హెర్ట్జ్‌ల దగ్గర వరుసగా:
కుడి చెవి: 25, 25, 30, 40, 60, 70 డెసిబెల్స్
ఎడమ చెవి: 25, 30, 30, 45, 60, 75 డెసిబెల్స్

ఎముక మీద పెట్టి చేసిన పరీక్షలోనూ దాదాపు ఇవే అంకెలు. టింపనోగ్రామ్ రెండు వైపులా ‘ఎ’ టైప్. మాటల పరీక్షలో కుడి 84 శాతం, ఎడమ 76 శాతం. రిపోర్టు కింద ‘స్వల్ప వినికిడి లోపం’ అని రాశారు.

హెచ్‌బీఏ1సీ 8.9, క్రియాటినిన్ 1.4, మూత్రంలో ఆల్బుమిన్ పోతోంది. కంటి రెటీనాలో మార్పులు మొదలయ్యాయన్నారు. మందులు: మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, టెల్మిసార్టన్, అమ్లోడిపిన్, రాత్రి ప్రోస్టేట్ కోసం టామ్సులోసిన్.

చెవి డాక్టర్ గారు వయసు వల్ల అన్నారు. షుగర్ డాక్టర్ గారు చెవి ఊసే ఎత్తలేదు. షుగర్, బీపీ వల్ల చెవి లోపల దెబ్బతింటుందా? తింటే అది ఈ రిపోర్టులో తెలుస్తుందా?

కామేశ్వరరావు_రాజమండ్రి

రవి గారూ, కంగారు పడకండి. బీపీ పెరిగితే చెవిలోని సన్న నరాలు ఒత్తిడికి చిట్లుతాయి, తల తిరుగుతుంది. ఉప్పు తగ్గించి, షుగర్ మూడు నెలల సగటు 7 లోపుకు తెస్తే వినికిడి దానంతట అదే వెనక్కి వస్తుంది. తూలడానికి బీటాహిస్టిన్ మూడు పూటలా ఒక నెల వాడించండి. అందరూ అదే వాడతారు.

భ్రమరాంబ_నంద్యాల

చెవిలో నూనె ఎండిపోతే ఇలాగే అవుతుంది. వెల్లుల్లి వేసి కాచిన నువ్వుల నూనె గోరువెచ్చగా రెండు చుక్కలు వేస్తే గులిమి కరిగి బాగా వినిపిస్తుంది. మా ఇంట్లో అందరికీ అంతే.

శ్రావణి_ఆడియాలజిస్ట్

భ్రమరాంబ గారూ, ఈ కేసులో కారణం గులిమి కాదు. ఎముక మీది పరీక్ష, గాలి పరీక్ష ఒకే అంకెలు చూపాయి. టింపనోగ్రామ్ కూడా మామూలుగా ఉంది. అంటే చెవి రంధ్రం, కర్ణభేరి, మధ్య చెవి బాగున్నాయి, లోపం లోపలి చెవిలోనే ఉంది. ఇంకో మాట. షుగర్ అదుపులో లేనివాళ్ల చెవిలో నూనె పోయడం, పిన్నీసుతో కెలకడం అసలు చేయకూడదు. రంధ్రంలో చిన్న గాయమైనా సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పట్టి, ఎముకలోకి పాకే ప్రమాదం వాళ్లకే ఎక్కువ. రాత్రి నిద్ర పట్టనివ్వని చెవి పోటు, చీము కనిపిస్తే ఆ రోజే చెవి డాక్టరుకు చూపించాలి.

ఇక రవి గారి ప్రశ్న. దెబ్బతింటుంది. ఎలాగో చెబుతాను, రిపోర్టు చదవడానికి అది పనికొస్తుంది.

లోపలి చెవికి రక్తం తెచ్చేది లాబిరింథైన్ ఆర్టరీ అనే ఒకే ఒక్క సన్న రక్తనాళం. అది మెదడు వెనుక భాగంలోని ధమని కొమ్మ నుంచి వచ్చి రెండుగా చీలుతుంది. ఒక పాయ వినికిడినిచ్చే కాక్లియాకు, రెండోది నిలకడ చూసే వెస్టిబ్యులర్ భాగానికి పోతుంది. పక్క నుంచి ఆదుకునే మరో దారి లేదు. కాలువ చివరి పొలం లాంటిదనుకోండి, పైన ఎక్కడ నీళ్లు తగ్గినా ముందు ఎండేది అదే.

కాక్లియా పక్క గోడలో స్ట్రయా వాస్క్యులారిస్ అనే పొర ఉంటుంది. అందులో కేశనాళికలు కిక్కిరిసి ఉంటాయి. లోపలి ద్రవంలో సుమారు 80 మిల్లీవోల్టుల విద్యుత్తును నిలబెట్టేది ఆ పొరే. ఆ విద్యుత్తు ఉంటేనే శబ్దం తగిలినప్పుడు దాన్ని పట్టి నరానికి అందించే రోమకణాలు పనిచేస్తాయి. టైప్ 2 షుగర్‌తో చనిపోయినవాళ్ల చెవి ఎముకలను మైక్రోస్కోపు కింద చూసినవాళ్లు అక్కడి కేశనాళికల గోడలు మందమెక్కడం, స్ట్రయా ఎండిపోవడం, కాక్లియా అడుగు మలుపులో బయటి రోమకణాలు రాలిపోవడం గమనించారు. సన్నని శ్రుతి శబ్దాలను పట్టేది ఆ అడుగు మలుపే. అందుకే షుగర్ ఉన్నవాళ్ల ఆడియోగ్రామ్ ఎక్కువగా రెండు చెవుల్లోనూ ఒకేలా, గీత కుడివైపుకు పోయేకొద్దీ కిందికి జారుతూ ఉంటుంది. మీ నాన్నగారిది అచ్చంగా అదే ఆకారం.

కామేశ్వరరావు గారూ, చిట్లడం కాదండీ. ఏళ్ల తరబడి బీపీ ఎక్కువగా ఉంటే సన్న ధమని గోడ దళసరి అవుతుంది, లోపలి దారి ఇరుకవుతుంది. షుగర్ ఆ గోడను ఇంకో రకంగా పాడుచేస్తుంది. రెండూ కలిస్తే రోజూ కాస్త కాస్త రక్తం తగ్గుతూ పోతుంది. రాలిపోయిన రోమకణాలు మనుషుల్లో మళ్లీ పుట్టవు. కాబట్టి షుగర్ తగ్గిందని పోయిన వినికిడి తిరిగి రాదు. ఇకమీద పోయేది నెమ్మదిస్తుందనే ఆశ ఉంది.

రవి_కరీంనగర్

చాలా థాంక్స్ మేడం. మరి రిపోర్టులో ‘స్వల్ప’ అని ఉంది కదా? స్వల్పమైతే ఇంట్లో ఇంత ఇబ్బంది ఎందుకు?

శ్రావణి_ఆడియాలజిస్ట్

ఆ ‘స్వల్ప’ ఎక్కడి నుంచి వచ్చిందో లెక్క వేసి చూద్దాం. ఆడియోగ్రామ్‌లో అంకె పెరిగే కొద్దీ వినికిడి తగ్గినట్టు. చాలా చోట్ల 500, 1000, 2000 మూడింటి సగటే తీస్తారు. కుడి చెవికి 25, 30, 40 కలిపి మూడుతో భాగిస్తే దాదాపు 32. ఎడమకు 30, 30, 45 సగటు 35. దీన్ని బట్టే స్వల్పం అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదికలో వాడిన పద్ధతిలో 4000 కూడా కలపాలి. అప్పుడు కుడి దాదాపు 39, ఎడమ 41 దాటుతుంది. ఆ కొలమానంలో 35 నుంచి 50 లోపు ఉంటే మధ్యస్థ లోపం. షుగర్ మొదట కొట్టేది 4000, 8000 దగ్గరే. వాటిని వదిలేసిన సగటు ఇలాంటివాళ్లకు తక్కువ చెబుతుంది.

మాట విషయానికొస్తే, అచ్చులు తక్కువ శ్రుతిలో బలంగా ఉంటాయి. అవి ఆయనకు అందుతున్నాయి, అందుకే ‘వినిపిస్తోంది’ అంటున్నారు. స, ష, చ, త, క లాంటి హల్లులను గుర్తుపట్టించే సన్నని శబ్దం పై శ్రుతుల్లో ఉంటుంది. అది అందకపోతే ‘కల’కూ ‘తల’కూ, ‘పాట’కూ ‘పాక’కూ తేడా పోతుంది. ఫ్యాను శబ్దం తోడైతే మిగిలింది కూడా మునిగిపోతుంది. ఇంట్లో గట్టిగా అరిస్తే అచ్చులే పెరుగుతాయి. ఎదురుగా నిలబడి, ముఖం కనిపించేలా, నిదానంగా మాట్లాడితే ఎక్కువ ఫలితం.

ఒక ప్రశ్న. ఆయన శబ్దం ఎక్కువున్న చోట పని చేశారా? ఎప్పుడైనా పాదం పుండుకో, మూత్రంలో ఇన్ఫెక్షన్‌కో ఆసుపత్రిలో ఇంజెక్షన్లు వేశారా? డిశ్చార్జి కాగితంలో అమికాసిన్ లేదా జెంటామైసిన్ పేరు ఉందేమో చూడండి.

రవి_కరీంనగర్

రైస్ మిల్లులో సూపర్‌వైజర్‌గా ఇరవై ఏళ్ల పైనే చేశారు. కాగితాలు వెతికాను. రెండేళ్ల కిందట మూత్రం ఇన్ఫెక్షన్‌కు అమికాసిన్ ఐదు రోజులు ఇచ్చినట్టుంది.

శ్రావణి_ఆడియాలజిస్ట్

అయితే లెక్క అంత సులువు కాదు. శబ్దం వల్ల వచ్చిన లోపమైతే మామూలుగా 4000 దగ్గర గుంట పడి, 8000 దగ్గర మళ్లీ కాస్త తేరుకుంటుంది. మీ నాన్నగారికి 8000 దగ్గర ఇంకా దిగింది. కాబట్టి మిల్లు ఒక్కటే కారణం కాదనిపిస్తోంది. అయితే వయసు తోడైతే ఆ గుంట ఆకారం చెరిగిపోతుంది, మిల్లును పూర్తిగా కొట్టిపారేయలేను. అమికాసిన్ కూడా పై శ్రుతుల నుంచే దెబ్బ తీస్తుంది. కిడ్నీ సరిగా లేనివాళ్లలో ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతుంది. ఆ ఇంజెక్షన్లకు ముందు తీసిన ఆడియోగ్రామ్ ఉంటే తేలేది. లేదు కాబట్టి ఎవరి వాటా ఎంతో ఇప్పుడు విడదీయలేం.

నాకు గట్టిగా అనిపించేది ఒకటే. రెటీనాలో, కిడ్నీలో సన్న నాళాలు దెబ్బతిన్నట్టు కాగితం మీదే ఉంది. చెవి నాళాలు మాత్రం తప్పించుకున్నాయని అనుకోవడానికి కారణం లేదు. ‘వయసు వల్ల’ అని వదిలేస్తే నష్టం ఇక్కడే. ఈసారి ఎక్కడైనా ఇన్ఫెక్షన్ వస్తే, షుగర్, క్రియాటినిన్, వినికిడి లోపం మూడూ ముందే చెప్పండి. వీలైతే వేరే యాంటీబయాటిక్ ఎంచుకుంటారు. ప్రాణం మీదికి వస్తే అమికాసిన్ తప్పకపోవచ్చు, అది వేరే సంగతి.

పద్మజ_గుంటూరు

నాకూ షుగర్ ఉంది. మంచం మీద కుడివైపు తిరిగితే చాలు, గది గిర్రున తిరుగుతుంది. అర నిమిషంలో తగ్గిపోతుంది. ఇది కూడా ఈ రక్తనాళాల గొడవేనా? బీపీ మాత్ర డోసు పెంచమంటారా?

సురేష్_ఫిజియో

పద్మజ గారూ, డోసు పెంచకండి. మీరు చెప్పింది స్ఫటికాలు జారిన లక్షణంలా ఉంది. లోపలి చెవిలోని చిన్న కాల్షియం రవ్వలు పక్కనున్న అర్ధవృత్తాకార నాళంలోకి జారితే, తల ఒక వైపు తిప్పినప్పుడు మాత్రమే, ఒక నిమిషం లోపు, గది తిరుగుతుంది. షుగర్, బీపీ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ఎందుకో కచ్చితంగా తేలలేదు గానీ, ఆ రవ్వలు అంటుకునే చోటుకు రక్తం సరిగా అందకపోవడం ఒక కారణం కావచ్చంటారు. దీనికి మాత్రలతో పని లేదు. డిక్స్-హాల్‌పైక్ పరీక్షలో ఏ వైపో తేల్చుకుని, ఎప్లీ పద్ధతిలో తల తిప్పితే చాలామందికి ఒకటి రెండు సార్లలోనే పోతుంది. మెడ అరుగుదల గానీ, రెటీనా సమస్య గానీ ఉంటే ముందే చెప్పండి.

రవి గారి నాన్నగారిది మాత్రం వేరు. గది తిరగడం లేదు, చీకట్లో, లేచినప్పుడు తూలుతున్నారు. మనిషి నిలబడటానికి మూడు సమాచారాలు కావాలి: కళ్లు, పాదాలు, లోపలి చెవి. చీకట్లో కళ్ల సాయం పోతుంది, మిగిలిన రెండే ఆధారం. షుగర్ ఆ రెండింటినీ కూడా తగ్గిస్తుంది. 2009లో అచ్చయిన అమెరికా జాతీయ సర్వేలో, నురుగు దిండు మీద కళ్లు మూసుకుని నిలబడే పరీక్షలో తప్పేవాళ్లు షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువగా కనిపించారు.

ఇంట్లోనే కొంత తేల్చుకోవచ్చు. గోడ మూలలో, వెనుక గోడ, ముందు బరువైన కుర్చీ ఉండేలా నిలబెట్టండి. మీరు చేతికందే దూరంలో ఉండాలి, పట్టుకోకూడదు. చెప్పుల్లేకుండా, పాదాలు దగ్గరగా, చేతులు కట్టుకుని నాలుగు దశలు. గట్టి నేల మీద కళ్లు తెరిచి, తర్వాత మూసి. మందపాటి నురుగు దిండు మీద కళ్లు తెరిచి, తర్వాత మూసి. ఒక్కో దశకు 30 సెకన్లు. చేతులు విప్పినా, అడుగు కదిపినా, కళ్లు తెరిచినా గడియారం ఆపేయండి.

గట్టి నేల మీద కళ్లు మూయగానే పడబోతే పాదాల స్పర్శ మీద అనుమానం. అక్కడ బాగానే నిలిచి, దిండు మీద కళ్లు మూస్తే మాత్రమే తప్పితే లోపలి చెవి మీద అనుమానం ఎక్కువ. ఇది తుది తీర్పు కాదు, ఎటు వెతకాలో చూపిస్తుంది, అంతే.

డాక్టర్_నిర్మల_జనరల్_మెడిసిన్

సురేష్ గారు చెప్పినదానికి ముందు నాలుగోది చూడాలి: లేచినప్పుడు బీపీ పడిపోతోందా? తెల్లవారుజామున బాత్రూంకు లేవగానే తూలడం, రాత్రి టామ్సులోసిన్, పైగా 14 ఏళ్ల షుగర్. ఈ మూడూ కలిశాయి కాబట్టి అడుగుతున్నాను.

ఇంట్లో చేతికి కట్టే డిజిటల్ బీపీ మెషిన్ ఉంటే చాలు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ, నాడి రాయండి. లేపి నిలబెట్టి, ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఒకసారి రాయండి. కొలిచేటప్పుడు చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, వేలాడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడితే అది లెక్కలోకి వస్తుంది. చాలామంది క్లినిక్‌లో కూర్చోబెట్టి ఒక్కసారి కొలిచి ‘బీపీ ఎక్కువుంది’ అని మాత్ర పెంచుతారు. నిలబడ్డప్పుడు ఏమవుతోందో ఎవరూ చూడరు.

తూలిన సమయంలో షుగర్ కూడా చూడండి, గ్లిమెపిరైడ్ వల్ల పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లు వాడితే బి12 తగ్గుతుంది, దాని వల్ల కూడా పాదాల స్పర్శ పోతుంది. ఒకసారి పరీక్ష చేయించండి.

కామేశ్వరరావు_రాజమండ్రి

మేడం, బీపీ ఎక్కువున్న మనిషికి తక్కువ ఎలా అవుతుంది? బీటాహిస్టిన్ వద్దంటారా? మా ఊళ్లో తల తిరిగితే ప్రతివాళ్లకూ అదే రాస్తారు.

డాక్టర్_నిర్మల_జనరల్_మెడిసిన్

కామేశ్వరరావు గారూ, రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు. పడుకుంటే 150, నిలబడితే 120. షుగర్ వల్ల రక్తనాళాలను బిగించే నరాలు మొద్దుబారితే, లేవగానే రక్తం కాళ్లలోకి దిగిపోతుంది, గుండె కూడా వేగం పెంచదు.

బీటాహిస్టిన్‌ను, చెవి హోరు, వినికిడి తగ్గుదలతో పాటు గది తిరిగే మెనియర్ జబ్బులో వాడతారు. ఈ రకం తూలుడుకు నెలల తరబడి వాడితే ఒరిగేది కనపడదు. సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరాజిన్ అయితే ఇంకా జాగ్రత్త. గది తిరిగి వాంతులయ్యే రోజుల్లో రెండు మూడు రోజులు సరే. నెలలు వాడితే మెదడు కొత్త పరిస్థితికి అలవాటు పడటం ఆలస్యమవుతుంది, పెద్దవాళ్లలో చేతి వణుకు, నడకలో బిగుసుకుపోవడం వస్తాయి. ఆ వణుకుకు మళ్లీ ఇంకో మందు మొదలుపెట్టిన చీటీలు చూస్తూనే ఉంటాం.

సలీమ్_కర్నూలు

మధ్యలో వచ్చినందుకు మన్నించండి. మా అమ్మకు 61, షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. నిన్న పొద్దున లేచేసరికి ఎడమ చెవి దిబ్బడ వేసినట్టుంది, హోరు పెడుతోంది. జలుబు లేదు. ఆవిరి పట్టించాం. వారం చూసి వెళ్దామా?

శ్రావణి_ఆడియాలజిస్ట్

సలీమ్ గారూ, వారం కాదు, ఈ రోజే. అమ్మను నోరు మూసి ‘మ్‌మ్‌’ అని మూలగమనండి. ఆ శబ్దం దిబ్బడ ఉన్న చెవిలో గట్టిగా వినిపిస్తే గులిమి, మధ్య చెవి కారణం కావచ్చు. బాగున్న చెవి వైపుకు పోతే లోపలి చెవి దెబ్బతిన్నట్టు అనుమానించాలి. ఎటైనా సరే, చెవి డాక్టరు దగ్గర ట్యూనింగ్ ఫోర్కు, ఆడియోగ్రామ్ ఈ రోజే కావాలి. మూడు రోజుల లోపు, పక్కపక్కన ఉన్న మూడు శ్రుతుల్లో 30 డెసిబెల్స్ గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే దాన్ని హఠాత్తు వినికిడి లోపం అంటాం. స్టెరాయిడ్ మొదటి రెండు వారాల్లో, ఎంత త్వరగా మొదలైతే అంత మేలు.

డాక్టర్_నిర్మల_జనరల్_మెడిసిన్

దీనికి తోడు ఒకటి అడగాలి. చెవితో పాటు కళ్లు తిరగడం, వాంతులు, మూతి వంకర, రెండుగా కనిపించడం, మాట తడబడటం, నడక తప్పడం, వీటిలో ఏదైనా ఉందా? ఉంటే చెవి డాక్టరు దగ్గరికి కాదు, స్ట్రోక్ చూసే ఆసుపత్రి ఎమర్జెన్సీకి నేరుగా వెళ్లండి. శ్రావణి గారు చెప్పిన ఆ ఒక్క నాళానికి రక్తం తెచ్చే ధమనే మెదడులో కొంత భాగానికీ ఇస్తుంది. అది మూసుకుపోతే మొదట చెవి పోయినట్టే కనిపించవచ్చు.

స్టెరాయిడ్ మాత్రలు రాస్తే షుగర్ సంగతి డాక్టరుకు గుర్తు చేయండి. ప్రెడ్నిసొలోన్ కిలో బరువుకు ఒక మిల్లీగ్రాము లెక్కన, 60 మించకుండా ఇస్తారు. పొద్దున వేస్తే మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు షుగర్ బాగా లేస్తుంది. పొద్దున పరగడుపున చూసి బాగుందనుకుంటే మోసపోతారు, సాయంత్రం కూడా చూడాలి. షుగర్ మరీ ఎక్కువుంటే, కర్ణభేరి గుండా మధ్య చెవిలోకి డెక్సామెథసోన్ ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి ఉంది. దానితో ఒంట్లో షుగర్ అంతగా పెరగదు.

సలీమ్_కర్నూలు

కళ్లు తిరగడం, వాంతులు, మిగతావేవీ లేవు. శబ్దం కుడి చెవికే, అంటే బాగున్న వైపుకే పోతోందంటోంది. ఇప్పుడే బయలుదేరుతున్నాం.

రవి_కరీంనగర్

మీరు చెప్పినట్టే కొలిచాను. పడుకుని 148/86, నాడి 72. నిలబడి ఒక నిమిషానికి 122/76, నాడి 76. మూడు నిమిషాలకు 124/78, నాడి 76.

నాలుగు దశల పరీక్ష: గట్టి నేల మీద రెండూ 30 సెకన్లు నిలిచారు, కళ్లు మూసినప్పుడు మాత్రం బాగా ఊగారు. దిండు మీద కళ్లు తెరిచి 30. దిండు మీద కళ్లు మూస్తే 6 సెకన్లకే అడుగు వేశారు. పాదం పరీక్ష కూడా చేయించాం. సన్న నైలాన్ దారం రెండు బొటనవేళ్ల దగ్గర తెలియలేదు. బి12 రిపోర్టు రావాలి. తూలినప్పుడు షుగర్ ఒకసారి చూశాం, 131 ఉంది.

డాక్టర్_నిర్మల_జనరల్_మెడిసిన్

చక్కగా కొలిచారు. పై అంకె 26 పడింది, కింది అంకె 10. నాడి నాలుగే పెరిగింది. పెరిగిన నాడిని పడిన బీపీతో భాగిస్తే 0.15. ఇది 0.5 కంటే తక్కువైతే నీళ్లు తగ్గడం లాంటి కారణం కంటే నరాల లోపం మీద అనుమానం ఎక్కువ. నాడిని తగ్గించే మందు ఆయన వాడటం లేదు కాబట్టి ఈ లెక్క ఇక్కడ చెల్లుతుంది.

ఈ కాగితం మీ డాక్టరుకు చూపించి రెండు అడగండి. టామ్సులోసిన్ మార్చవచ్చా? బీపీ మాత్రలు ఏ వేళకు వేస్తే తెల్లవారుజామున ఇబ్బంది తగ్గుతుంది? సొంతంగా ఏదీ ఆపొద్దు. కిడ్నీలో ఆల్బుమిన్ పోతోంది కాబట్టి టెల్మిసార్టన్ ఆయనకు అవసరం. అప్పటిదాకా, లేచే ముందు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని, మడమలు పైకీ కిందికీ పాతికసార్లు ఆడించి, మంచం పట్టుకుని లేవమనండి. రాత్రి మంచం నుంచి బాత్రూం దాకా చిన్న లైటు వెలుగుతూనే ఉండాలి. బ్యాటరీతో వెలిగేదైతే కరెంటు పోయినా ఉంటుంది.

సురేష్_ఫిజియో

అంకెల్ని బట్టి పాదాలూ, లోపలి చెవీ రెండూ తగ్గాయి. దిండు మీద తేడా పెద్దగా ఉంది కాబట్టి చెవి వాటా తక్కువేం కాదు. తలను చటుక్కున తిప్పి కళ్ల కదలికను కెమెరాతో కొలిచే పరీక్ష, విహెచ్‌ఐటి, చేయిస్తే స్పష్టమవుతుంది.

ఈలోగా మొదలుపెట్టగల వ్యాయామం ఒకటి. గోడ మీద కంటి ఎత్తులో వేలెడంత ‘అ’ అక్షరం అంటించండి. మీటరు దూరంలో కూర్చుని, చూపు అక్షరం మీదే ఉంచి, తలను కుడికీ ఎడమకూ కొద్దిగా తిప్పాలి. అక్షరం మసకబారే ముందు దాకా వేగం పెంచాలి. మసకబారితే వేగం తగ్గించాలి. ఒక్కోసారి ఒక నిమిషం చేసి, కాస్త ఆగి మళ్లీ. రోజుకు మూడు నుంచి ఐదు విడతల్లో, మొత్తం 20 నిమిషాలకు తగ్గకుండా, నాలుగు నుంచి ఆరు వారాలు. కాస్త తూలినట్టు అనిపించడం మామూలే. పావుగంట తర్వాత కూడా తగ్గకపోతే వేగం ఎక్కువైనట్టు. లేచినప్పటి బీపీ సర్దుకునేదాకా నిలబడి చేయించకండి.

నడిచేటప్పుడు పలుచటి, గట్టి అడుగున్న చెప్పులు, వెనుక పట్టీ ఉన్నవి. మెత్తటి చెప్పులు ఆయనకు నురుగు దిండుతో సమానం.

కామేశ్వరరావు_రాజమండ్రి

నిలబెట్టి కొలవాలన్నది నాకు కొత్త సంగతి. కానీ శ్రావణి గారూ, షుగర్ అదుపు చేస్తే చెవికి లాభం లేదన్నట్టు వినిపిస్తోంది. అది చదివి ఎవరైనా మాత్ర మానేస్తే?

శ్రావణి_ఆడియాలజిస్ట్

లాభం లేదని కాదండీ. పోయింది తిరిగి రాదన్నాను. ఇంకా పోకుండా ఎంత ఆగుతుందన్నదే తేలాల్సింది. 2008లో అచ్చయిన అమెరికా సర్వే లెక్కల్లో షుగర్ ఉన్నవాళ్లలో వినికిడి లోపం దాదాపు రెట్టింపు కనిపించింది. మరోవైపు, టైప్ 1 ఉన్నవాళ్లను దశాబ్దాలపాటు వెంబడించిన డీసీసీటీ బృందం 2018లో అచ్చువేసిన ఫలితాల్లో, వాళ్లకూ, షుగర్ లేని తమ జీవిత భాగస్వాములకూ మొత్తం మీద పెద్ద తేడా కనిపించలేదు. కానీ షుగర్ ఉన్నవాళ్లలో, ఏళ్ల సగటు హెచ్‌బీఏ1సీ ఎక్కువున్న కొద్దీ వినికిడి తక్కువగా ఉంది. నా మొగ్గు ఈ చివరి మాట వైపే. బీపీ సంగతి ఇంకా మసకగా ఉంది. గుండె, రక్తనాళాల జబ్బులున్నవాళ్లలో తక్కువ శ్రుతులు కూడా పడతాయని, ఆడవాళ్లలో అది ఎక్కువని, ఫ్రామింగ్‌హామ్ అనే అమెరికా ఊరి వాళ్లను ఏళ్ల తరబడి చూసిన పరిశీలనలో కనిపించింది. రవి గారి నాన్నగారి కుడి 250, 500 దగ్గర 25 ఉండటం దానివల్లేనని నేను అనలేను. పరీక్ష గదిలో శబ్దం ఉన్నా అంత వస్తుంది.

డాక్టర్_నిర్మల_జనరల్_మెడిసిన్

ఇక్కడ నాది కొంచెం వేరే అభిప్రాయం. చెవికి లాభం ఎంతో తేలేదాకా ఆగక్కర్లేదు, కిడ్నీకీ కంటికీ తేలిపోయింది కదా. కాకపోతే ఈయనకు హెచ్‌బీఏ1సీ గబగబా దించాలని గ్లిమెపిరైడ్ పెంచితే రాత్రి షుగర్ పడి, తూలుడు పెరుగుతుంది. ఏ మందుతో దించుతామన్నది ముఖ్యం.

రవి_కరీంనగర్

వినికిడి మెషిన్ పెట్టించమంటారా శ్రావణి మేడం? నాన్న వద్దంటున్నారు. పెడితే ఉన్న వినికిడి కూడా పోతుందని ఎవరో చెప్పారట.

శ్రావణి_ఆడియాలజిస్ట్

సరిగా సెట్ చేసిన మెషిన్ వల్ల పోదు. రెండు చెవులకూ పెట్టించండి. తక్కువ శ్రుతులు ఆయనకు బాగానే ఉన్నాయి, చెవిని పూర్తిగా మూసే అచ్చు పెడితే తన గొంతే డబ్బాలో మోగినట్టుంటుంది, వారానికే తీసేస్తారు. మెషిన్ చెవి వెనుక ఉండి, సన్న తీగతో, రంధ్రాలున్న మెత్తని డోమ్ లోపలికి పోయే రకం అడగండి. డోమ్ వల్ల రంధ్రంలో ఒరిపిడి గానీ తడి గానీ కనిపిస్తే ఆపి చూపించాలి, షుగర్ ఉన్న చర్మం కదా. సెట్ చేసేటప్పుడు చెవిలో సన్న ట్యూబ్ పెట్టి శబ్దం ఎంత చేరుతోందో కొలుస్తారా అని అడగండి. కొలవకుండా కంప్యూటర్ చూపిన అంకెతో వదిలేస్తే 4000 దగ్గర తక్కువే చేరుతుంది, ఆయనకు కావాల్సింది అక్కడే. కొనే ముందు కొన్ని రోజులు ఇంట్లో వాడి చూడనిమ్మనండి, ఫ్యాను తిరిగే గదిలోనే.

ఏడాదికోసారి రెటీనా పరీక్షకు వెళ్లినప్పుడే ఆడియోగ్రామ్ కూడా తీయించి పాతదాని పక్కన పెట్టండి. ఒక చెవి ఒక్కటే, పక్కపక్క శ్రుతుల్లో 15 డెసిబెల్స్ గానీ ఎక్కువ గానీ వెనకబడితే సన్న నాళాల మీద నెట్టేయకూడదు. అప్పుడు ఎంఆర్ఐ కావాలి. ప్రస్తుతం రెండు చెవుల మధ్య తేడా ఐదే, అది పరీక్షలో వచ్చే తేడానే.

సలీమ్_కర్నూలు

చూపించాం. ఎడమ చెవి 500 నుంచి 4000 దాకా 55, 60 మధ్య ఉంది, కుడి 20, 25. అమ్మ షుగర్ 290 ఉండటంతో మాత్రలు కాకుండా చెవిలో ఇంజెక్షన్ ఈ సాయంత్రమే వేశారు, రెండు వారాల్లో మొత్తం నాలుగు అన్నారు. ఎంఆర్ఐ కూడా రాశారు. తిరిగి వస్తుందా అంటే ఇప్పుడే చెప్పలేమన్నారు. ఇంజెక్షన్ వేశాక అరగంట ఆ చెవి పైకి ఉంచి పడుకోమన్నారు, మింగకుండా ఉమ్మేయమన్నారు. అది ఎందుకు?

శ్రావణి_ఆడియాలజిస్ట్

మింగినప్పుడల్లా మధ్య చెవి నుంచి గొంతులోకి పోయే గొట్టం తెరుచుకుంటుంది సలీమ్ గారూ, మందు అటు జారిపోతుంది. లోపలి చెవి కిటికీ దగ్గర అది కాసేపు నిలిస్తేనే లోపలికి ఇంకుతుంది. రెండో ఇంజెక్షన్ ముందు మళ్లీ ఆడియోగ్రామ్ తీయమని అడగండి, అంకెలు ఇక్కడ పెట్టండి.